ఇత్తడి కడ్డీ లెక్క: ఫ్యాక్టరీ స్టోరులో నిల్వ, బిన్ కార్డు, ఇష్యూ ధర ఎలా రాయాలి

బాలానగర్‌లో నాలుగైదు లేత్ మెషిన్లతో ఇత్తడి ఫిట్టింగులు చేసే చిన్న యూనిట్ మీదనుకోండి. స్టోరంటే ఒక మూల జాలీ తలుపు పెట్టిన గది, ఇనుప ర్యాకులు, ఒక కాటా, ఒక స్టోర్ కీపరు. ర్యాకుల్లో నట్టు నుంచి నూనె డబ్బా దాకా వంద రకాలుంటాయి కానీ డబ్బంతా ఒకటి రెండు వస్తువుల్లోనే ఇరుక్కుని ఉంటుంది. మన యూనిట్‌లో ఆ వస్తువు 25 మిల్లీమీటర్ల గుండ్రటి ఇత్తడి కడ్డీ. అది లారీ దిగినప్పటి నుంచి లేత్ మీదికి ఎక్కేదాకా ఎక్కడెక్కడ ఏం రాయాలో చూద్దాం. ధరలు, రోజులు నేను ఉదాహరణకు వేసుకున్నవి. వాటి స్థానంలో మీ బిల్లుల్లోని అంకెలు పెట్టుకోండి.

కిలోలా, కడ్డీలా?

ముందుగా తేల్చుకోవాల్సింది ఇదే. సరఫరాదారు బిల్లు కిలోల్లో వస్తుంది. లేత్ దగ్గరివాళ్ళు కడ్డీల్లో అడుగుతారు. స్టోర్ కీపరు ఒకరోజు "5 కడ్డీలు" అని, మరోరోజు "60 కిలోలు" అని రాస్తే నెల తిరిగేసరికి ఆ వస్తువు రాకపోకలు రాసే బిన్ కార్డును ఎవరూ సరిచేయలేరు.

25 మిల్లీమీటర్ల ఇత్తడి కడ్డీ మీటరుకు సుమారు 4.17 కిలోలు తూగుతుంది. 3 మీటర్ల కడ్డీ అయితే 12.5 కిలోలు. ఈ సంఖ్యను కార్డు తలకట్టులోనే రాసిపెట్టండి. స్టోరులో కదలిక అంతా కడ్డీల్లో రాయండి, ధర కట్టేటప్పుడు మాత్రం 12.5తో గుణించి కిలోల్లోకి తీసుకురండి. కడ్డీలను ఎవరైనా లెక్కపెట్టగలరు. ప్రతి ఇష్యూకూ, అంటే స్టోరు నుంచి లేత్‌కు ఇచ్చిన ప్రతిసారీ, కాటా మీద వేయాలంటే రెండో వారానికే మానేస్తారు, అది మానవ స్వభావం.

ఈ 12.5 మరో పని కూడా చేసిపెడుతుంది. లారీ దిగగానే కడ్డీలు లెక్కపెట్టి, మొత్తం తూకం వేసి, భాగించి చూడండి. 48 కడ్డీలకు 600 కిలోలు రావాలి. ఒక్కో కడ్డీ 12 కిలోలే తూగుతోందంటే పొడవైనా తగ్గి ఉండాలి, లేదా వ్యాసం 25 బదులు 24.5 దగ్గర ఉండాలి. వెర్నియర్ తీసి నాలుగు కడ్డీలు కొలిస్తే సంగతి తెలుస్తుంది. ఇది దింపుకున్న రోజే చూడాలి. వారం తర్వాత ఫోను చేస్తే సరఫరాదారు వినడు, వినకపోవడంలో అతని తప్పూ లేదు.

వచ్చిన సరుకుకు ధర కట్టడం

తూకం, లెక్క సరిపోయాక సరుకు అందినట్టు చూపే పత్రం, జీఆర్ఎన్ రాస్తారు. అందులో బిల్లు పరిమాణం కాకుండా మీరు దింపుకున్న పరిమాణం ఉండాలి. తేడా వస్తే ఆ మేరకు సరఫరాదారుకు డెబిట్ నోటు పంపండి.

ఇప్పుడు కిలో ఎంత పడిందో కట్టాలి. సరుకు గుజరాత్‌లోని జామ్‌నగర్ నుంచి వచ్చింది. 600 కిలోలు, కిలో రూ. 640 చొప్పున బిల్లు రూ. 3,84,000. దాని మీద 18 శాతం ఐజీఎస్‌టీ రూ. 69,120. లారీ కిరాయి రూ. 4,800. దింపిన హమాలీలకు, ఊళ్ళో ఆటో ట్రాలీకి కలిపి రూ. 1,200.

కిరాయి, హమాలీ సరుకు ధరలో కలుస్తాయి. జీఎస్‌టీ కలవదు, ఎందుకంటే అది ఇన్‌పుట్ క్రెడిట్‌గా మీకు తిరిగి వచ్చేదే. మొత్తం 3,84,000 + 4,800 + 1,200 = రూ. 3,90,000. కిలోకు రూ. 650. పన్ను కూడా కలిపేస్తే కిలో రూ. 765.20 అవుతుంది. ఆ ధర పట్టుకుని కొటేషన్ ఇస్తే పక్క షెడ్డువాడు ఆర్డరు ఎగరేసుకుపోతాడు. కాంపోజిషన్ పథకంలో ఉన్న యూనిట్‌కు మాత్రం క్రెడిట్ రాదు కాబట్టి అక్కడ పన్ను కూడా ధరలో భాగమే.

ఒక చిక్కుంది. సరుకు బిల్లు లారీతో పాటే వస్తుంది, ట్రాన్స్‌పోర్టువాళ్ళ బిల్లు పది రోజులకు వస్తుంది. ఈలోగా కడ్డీలు లేత్ మీదికి ఎక్కేస్తాయి. అందుకని ధర కట్టడం ఆపకండి. బుకింగ్ రసీదులో ఉన్న కిరాయినో, కిందటిసారి ఇచ్చిన కిరాయినో అంచనాగా వేసి ఇష్యూలకు ధర రాయండి. అసలు బిల్లు వచ్చాక తేడా రూపాయో రెండో ఉంటే, ఇంకా ర్యాకులో ఉన్న సరుకుకు, అప్పటికే వాడేసిన సరుకుకు ఆ తేడాను విడగొట్టండి.

బిన్ కార్డు

బిన్ కార్డు ర్యాకుకే వేలాడాలి. స్టోర్ కీపరు బల్ల సొరుగులో ఉండే కార్డు సాయంత్రం పూట గుర్తుతెచ్చుకుని రాసే డైరీ అవుతుంది. కడ్డీ కదిలిన క్షణంలో రాయాలి, ప్రతి వరుసకూ ఒక పత్రం నంబరు ఉండాలి, ప్రతి వరుస చివర మిగులు తేల్చాలి. ఇందులో డబ్బు గడి ఉండదు. మన కార్డులోని కొన్ని వరుసలు ఇలా ఉంటాయి:

| తేదీ | పత్రం | వచ్చినవి | వెళ్ళినవి | మిగులు |
|---|---|---|---|---|
| 3 | ఇష్యూ స్లిప్ 118 | – | 5 | 70 |
| 11 | ఇష్యూ స్లిప్ 131 | – | 4 | 37 |
| 12 | ఇష్యూ స్లిప్ 134 | – | 5 | 32 |
| 12 | జీఆర్ఎన్ 41 | 48 | – | 80 |
| 13 | ఇష్యూ స్లిప్ 136 | – | 5 | 75 |

ఇష్యూ స్లిప్‌లో జాబ్ నంబరు తప్పనిసరి. "ప్రొడక్షన్‌కు" అని రాసిన స్లిప్ దేనికీ పనికిరాదు, ఆ ఖర్చు ఏ ఆర్డరు మీద పడాలో ఎవరికీ తెలియదు.

డబ్బు లెక్క స్టోర్స్ లెడ్జర్‌లో ఉంటుంది. దాన్ని ఆఫీసులో, అవే స్లిప్పుల ప్రతులను బట్టి, వేరే మనిషి రాయాలి. టాలీలో రాసినా నోటు పుస్తకంలో రాసినా నియమం ఒకటే. కార్డు ఒకరు, లెడ్జర్ ఒకరు రాస్తేనే ఒకరి తప్పును మరొకరు పట్టుకుంటారు. చిన్న యూనిట్లలో ఇద్దరిని పెట్టుకోలేక ఒకరితోనే కానిస్తుంటారు. అప్పుడు ఆ మనిషి నెలాఖరున లెడ్జర్ చూసి కార్డు దిద్దుతాడు, రెండూ ఎప్పుడూ సరిపోతూనే ఉంటాయి. పన్నెండు నెలలు ఒక్క కొట్టివేత కూడా లేకుండా, ఒకే సిరాతో నిండిన బిన్ కార్డు కనబడితే నాకు ముందు దాని మీదే అనుమానం.

ఎప్పుడు ఆర్డరు పెట్టాలి

కార్డు తలకట్టులో నాలుగు అంకెలు రాసి ఉండాలి. అవి కట్టడానికి మీకు కావాల్సినవి రెండే సంగతులు: రోజుకు ఎన్ని కడ్డీలు లేస్తాయి, ఆర్డరు పెట్టాక సరుకు ఎన్ని పని దినాల్లో వస్తుంది. పాత స్లిప్పులు, పాత జీఆర్ఎన్‌లు తిరగేస్తే రెండూ దొరుకుతాయి. మన యూనిట్‌లో రోజుకు మామూలుగా 5, ఎక్కువంటే 7, తక్కువంటే 3 కడ్డీలు లేస్తాయి. సరుకు రావడానికి మామూలుగా 8, ఎక్కువంటే 10, తక్కువంటే 6 పని దినాలు పడుతుంది.

మిగులు ఎంతకు చేరగానే కొత్త ఆర్డరు పెట్టాలో చెప్పేది రీఆర్డర్ లెవెల్. దాన్ని గడ్డు పరిస్థితిని దృష్టిలో పెట్టుకుని కడతారు. ఎక్కువ వాడకాన్ని ఎక్కువ రోజులతో గుణిస్తే 7 × 10 = 70 కడ్డీలు. పై కార్డులో 3వ తేదీన మిగులు 70కి చేరింది, ఆ రోజే 48 కడ్డీలకు ఆర్డరు వెళ్ళాలి.

మినిమం లెవెల్ అంటే అంతా మామూలుగా జరిగితే సరుకు వచ్చే వేళకు ర్యాకులో ఉండాల్సిన మిగులు. 70లోంచి మామూలు వాడకం 5 × 8 = 40 తీసేస్తే 30. మిగులు 30 కంటే కిందికి పోయి, సరుకు ఇంకా రాలేదంటే సరఫరాదారుకు ఫోను చేయాల్సిన సమయం వచ్చిందన్నమాట. 12వ తేదీన లారీ వచ్చేసరికి మనకు 32 ఉన్నాయి, అంటే అంకెలు సరిగ్గానే ఉన్నాయి.

మాక్సిమం లెవెల్ దీనికి రెండో కొస. వాడకం బాగా మందగించి, సరుకు త్వరగా వచ్చేసినా నిల్వ ఇంతకు మించకూడదని. 70కి ఆర్డరు పరిమాణం 48 కలిపి, తక్కువ వాడకం 3 × 6 = 18 తీసేస్తే 100 కడ్డీలు. కిలో రూ. 650 లెక్కన 100 కడ్డీలంటే రూ. 8,12,500 ర్యాకులో పడుకున్నట్టు. యజమానికి ఈ ఒక్క అంకె చూపిస్తే చాలు.

ఇక డేంజర్ లెవెల్. జామ్‌నగర్ సరుకు కోసం ఇక ఎదురుచూడకుండా రాణిగంజ్‌లో నాలుగు రూపాయలు ఎక్కువ పెట్టయినా కొనాల్సిన గీత అది. ఊళ్ళో కొనడానికి బేరం, డబ్బు, బండి అన్నీ కలిపి రెండు రోజులు పడుతుందనుకుంటే 5 × 2 = 10 కడ్డీలు.

ఈ లెక్కలో జనం పొరబడేది రోజుల దగ్గర. వాడకాన్ని పని దినానికి కట్టి, రాకను క్యాలెండరు రోజుల్లో కడితే ఆదివారాలన్నీ వాడకంలోకి చేరి నిల్వ అనవసరంగా పెరుగుతుంది. రెండూ ఒకే తీరున కట్టండి. ఇంకొకటి దీపావళి. పండుగ నుంచి లాభ్ పంచమి దాకా గుజరాత్‌లో చాలా వ్యాపారాలు తెరవవు. ఆ తర్వాత కూడా లారీలు దొరకడానికి సమయం పడుతుంది. ఆ నెలకు 10 రోజుల బదులు 15 వేసుకుంటే రీఆర్డర్ లెవెల్ 105 అవుతుంది, మామూలు మాక్సిమం కంటే ఎక్కువ. అవును, ఆ ఒక్కసారికి మాక్సిమం దాటాలి. కార్డు మీద పెన్సిలుతో రాసి, పండుగ అయ్యాక చెరిపేయండి.

48 అనే ఆర్డరు పరిమాణానికి, ఒకసారికి ఎంత తెప్పిస్తే మొత్తం ఖర్చు తక్కువో చెప్పే ఈఓక్యూ సూత్రం ఉంది. అయితే రాగి ధరతో పాటు ఊగే ఇత్తడి విషయంలో ఆ సూత్రానికి నేను పెద్ద పీట వేయను. చేతిలో ఉన్న డబ్బు, లారీవాడు ఒప్పుకునే కనీస బరువు, సరఫరాదారు ఇచ్చే ధర, ఈ మూడే దాన్ని నిర్ణయిస్తాయి.

ఇష్యూకు ఏ ధర వేయాలి

12వ తేదీ లారీ దిగడానికి ముందు ర్యాకులో ఉన్న 32 కడ్డీలు, అంటే 400 కిలోలు, కిలో రూ. 610కి కొన్నవి. విలువ రూ. 2,44,000. కొత్తగా వచ్చిన 600 కిలోలు రూ. 650 లెక్కన రూ. 3,90,000. మొత్తం 1,000 కిలోలు, రూ. 6,34,000. తర్వాతి 8 పని దినాల్లో రోజుకు ఐదేసి చొప్పున 40 కడ్డీలు, 500 కిలోలు లేత్ మీదికి వెళ్ళాయి. వాటి ధర ఎంత?

ఫిఫో పద్ధతిలో ముందొచ్చినవి ముందు వెళ్ళినట్టు లెక్క. 400 కిలోలకు రూ. 610 చొప్పున 2,44,000, మిగతా 100 కిలోలకు రూ. 650 చొప్పున 65,000. ఇష్యూ విలువ రూ. 3,09,000. ర్యాకులో మిగిలిన 500 కిలోలు రూ. 3,25,000.

వెయిటెడ్ యావరేజ్ పద్ధతిలో కొత్త సరుకు దిగిన క్షణంలోనే సగటు కట్టేస్తారు. 6,34,000ను 1,000తో భాగిస్తే కిలో రూ. 634. ఇష్యూ విలువ రూ. 3,17,000, మిగులు విలువ కూడా అంతే. మరో లారీ దిగేదాకా ఈ 634 మారదు. రెండు ధరలను కూడి రెండుతో భాగించేవాళ్ళున్నారు, అలా చేస్తే 630 వస్తుంది. అది తప్పు. బరువులు వేరైనప్పుడు సగటుకు బరువు కూడా కావాలి.

రెండు పద్ధతులకూ మధ్య తేడా రూ. 8,000. ఈ డబ్బు ఎక్కడికీ పోదు, జాబ్ ఖర్చు మీద పడుతుందా, ర్యాకులోని నిల్వలో ఆగుతుందా అన్నదే ప్రశ్న. పూర్వం కాస్టింగ్ పాఠాల్లో లిఫో కూడా చెప్పేవారు, చివరొచ్చినవి ముందు వెళ్ళినట్టు. ఖాతాల్లో నిల్వ విలువ కట్టడానికి మన అకౌంటింగ్ స్టాండర్డ్ 2 దాన్ని ఒప్పుకోదు, మామూలు సరుకుకు ఫిఫో లేదా వెయిటెడ్ యావరేజ్ మాత్రమే. ఒకసారి ఎంచుకున్నాక ఏటేటా మార్చుకోవడం కూడా కుదరదు.

ఏది ఎంచుకోవాలని నన్ను అడిగితే, పాత కడ్డీలు, కొత్త కడ్డీలు ఒకే ర్యాకులో కలిసిపోయే చోట యావరేజ్ అంటాను. ఫిఫో రాయాలంటే ప్రతి స్లిప్ దగ్గరా ఏ లారీ సరుకు ఎంత మిగిలిందో గుర్తుంచుకోవాలి. ప్రతి లారీ కడ్డీల కొసలకు వేరే రంగు పూసే అలవాటు ఉన్న స్టోరుకు అది ఇబ్బంది కాదు. లేని చోట లెడ్జర్‌లో ఫిఫో, ర్యాకులో ఎవరికి చేతికందింది వారికి.

జాబ్ మీద దీని ప్రభావం ఎంతో ఒక ముక్క దగ్గర చూడండి. ఫిట్టింగుకు 62 మిల్లీమీటర్ల ముక్క కావాలి, కోతకు 3 పోతుంది. చివరి భాగాన్ని లేత్ చక్ పట్టుకుని ఉండాలి కాబట్టి 3 మీటర్ల కడ్డీలో 44 ముక్కలు వచ్చి, చివర 140 మిల్లీమీటర్ల తుంట మిగులుతుంది. కడ్డీ ఖర్చును 44తో భాగిస్తే కిలో రూ. 610 దగ్గర ముక్కకు రూ. 173.30, 634 దగ్గర 180.11, 650 దగ్గర 184.66. తుంటలు, లేత్ కింద రాలిన తురుము అమ్మగా వచ్చే డబ్బును ఇందులోంచి తగ్గించుకోవాలి. తురుమును ఇనుప రజనుతో కలవకుండా వేరే డబ్బాలో ఉంచండి, కలిస్తే కొనేవాడు ధర కోస్తాడు.

ఒక హెచ్చరిక. ఈ ధరలన్నీ జరిగిపోయిన పనికి ఖర్చు తేల్చడానికి. రేపటి ఆర్డరుకు కొటేషన్ ఇచ్చేటప్పుడు లెడ్జర్ మూసేసి, ఈరోజు జామ్‌నగర్ ధర అడిగి, కిరాయి కలిపి వేయండి. బయట కిలో 680 పలుకుతుంటే మీ పాత 634తో తెచ్చుకున్న ఆర్డరు పూర్తయ్యేలోపు ఆ ధరకు కడ్డీ దొరకదు.

పని అయ్యాక రెండు కడ్డీలు మిగిలి వెనక్కి వస్తే రిటర్న్ నోటు రాసి, ఆ జాబ్‌కు ఏ ధరకు ఇచ్చారో అదే ధరకు వెనక్కి తీసుకోండి. కొత్త ధరకు తీసుకుంటే చేయని పనికి ఆ జాబ్ ఖర్చు పెరుగుతుంది, లేదా తగ్గుతుంది.

లెక్క తప్పినప్పుడు

నెలకోసారి అన్నీ లెక్కపెట్టడం కంటే, రోజుకు ఒకటి రెండు వస్తువులను చెప్పకుండా వెళ్ళి లెక్కపెట్టడం మేలు. 25 మిల్లీమీటర్ల కడ్డీ వంతు మాత్రం వారానికోసారి రావాలి.

నేను లెక్కలు చూసిన ఒక షెడ్డులో ఇలాంటి లెక్కలోనే కార్డు 35 చూపింది, ర్యాకులో 32 ఉన్నాయి. దొంగతనమని మాట లేచింది, వాచ్‌మన్ వైపు చూపులు తిరిగాయి. మూడు కడ్డీలంటే 37.5 కిలోలు, 3 మీటర్ల పొడవు, అవి జేబులో పట్టేవి కావు. అందుకని ముందు జాబ్ కార్డులు తెప్పించాను. ఒక జాబ్‌కు 12 కడ్డీలు ఇష్యూ అయ్యాయి, అంటే 528 ముక్కలు రావాలి. ఉత్పత్తి పుస్తకంలో 660 ఉన్నాయి. ఎక్కువ వచ్చినవి 132, మూడు కడ్డీలకు సరిగ్గా 44 చొప్పున. రాత్రి షిఫ్టులో కడ్డీలు అయిపోయాయి, స్టోర్ కీపరు లేడు, తాళం వాచ్‌మన్ దగ్గరుంది. సెట్టర్ మూడు కడ్డీలు తీసుకున్నాడు, పొద్దున స్లిప్ రాద్దామనుకుని మరిచిపోయాడు.

ఇలా తేలినప్పుడు కార్డులో 35ను కొట్టేసి 32 రాయకూడదు. ఈరోజు తేదీతో, ఆ జాబ్ నంబరుతో, "ఫలానా రాత్రి తీసుకున్నవి" అన్న వివరంతో స్లిప్ రాయించి, సెట్టర్ సంతకం తీసుకుని, కార్డులో కొత్త వరుసగా వేయాలి. మన ధరల్లో అయితే 37.5 కిలోలు, 634 చొప్పున రూ. 23,775 ఆ జాబ్ మీదికి వెళుతుంది. కడ్డీలు నిజంగానే పోయి ఉంటే దారి వేరు. ఆ మొత్తం ఏ జాబ్‌కూ వేయకుండా నష్టం ఖాతాకు వెళ్ళాలి. పోయిన సరుకు మీద తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్ కూడా సీజీఎస్‌టీ చట్టం సెక్షన్ 17(5)(హెచ్) ప్రకారం వెనక్కి ఇవ్వాలి, బిల్లు ధర 640 మీద 18 శాతం చొప్పున రూ. 4,320.

ఆ షెడ్డులో మర్నాటి నుంచి వాచ్‌మన్ తాళం గుత్తికి దారంతో ఒక స్లిప్పుల పుస్తకం, ఒక పెన్ను కట్టి ఉంచారు.